లైట్ వీక్ ఎంత దూరం?

ఇంగ్లీషులో ఎవరైనా ‘ఎ లైట్ వీక్’ అన్నారనుకోండి. ఆఫీసులో పనిచేసేవాళ్లకు అది పెద్దగా పని తగలని వారం. ఖగోళ శాస్త్రజ్ఞులకు మాత్రం అది కాలమే కాదు, దూరం. సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో కాంతి ఏడు రోజులపాటు ఆగకుండా వెళ్తే ఎంత దూరం పోతుందో అంత: సుమారు 18 వేల కోట్ల కిలోమీటర్లు. మాటలు అవే, వాటి వరస కూడా అదే. ఒకచోట ‘లైట్’ విశేషణం, రెండోచోట నామవాచకం.

ఇంగ్లీషు నిఘంటువులో ‘లైట్’ దగ్గర ఆగితే ఈ రెండింటితో పని తీరదు. నామవాచకం, క్రియ, విశేషణం, క్రియావిశేషణం అని నాలుగు వర్గాల కిందా ఆ మాటే కనిపిస్తుంది. ‘ద లైట్ ఈజ్ ఆన్’ అంటే దీపం వెలుగుతోందని. ‘లైట్ ద స్టవ్’ అంటే పొయ్యి వెలిగించమని. ‘ఎ లైట్ బ్యాగ్’ అంటే బరువు లేని సంచి. ‘ట్రావెల్ లైట్’ అంటే సామాను ఎక్కువ మోసుకోకుండా ప్రయాణం చెయ్యమని. ఈ నాలుగు వాక్యాల్లోనూ మాట రూపం ఆవగింజంత కూడా మారలేదు. మరి ఇది నామవాచకమా, క్రియా, విశేషణమా అని ఎవరైనా అడిగితే, వాక్యం చూపించమని మనం ఎదురు అడగాలి. వాక్యం లేకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు.

బడిలో నేర్చుకున్న నిర్వచనం ఇక్కడ అక్కరకు రాదు. పేరును తెలిపేది నామవాచకం, పనిని తెలిపేది క్రియ అని అందరం వల్లె వేసినవాళ్లమే. ‘పరుగు’ అన్నది పనే కదా? అయినా అది నామవాచకం. ‘దొంగతనం’ పని కాదా? ‘ఉన్నాడు’ అన్నప్పుడు ఆ మనిషి చేసే పనేమిటి? ఏమీ లేదు, అయినా అది క్రియే. అర్థాన్ని బట్టి మాటలను విడదీస్తే అక్కడక్కడ కుదురుతుంది, చాలాచోట్ల జారిపోతుంది. మాటకు అర్థమే లేకపోయినా దాని వర్గం మనకు తెలిసిపోతుంది. ‘రెండు గుబిలి టొంకులు నిన్న మిసికించాయి’ అనే వాక్యం చూడండి. గుబిలి ఏమిటో, టొంకు ఏమిటో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అవి ఇప్పుడే కల్పించిన మాటలు. అయినా ‘టొంకులు’ నామవాచకమనీ, ‘మిసికించాయి’ క్రియ అనీ, ‘గుబిలి’ ఆ టొంకులు ఎలాంటివో చెబుతోందనీ తెలుగు వచ్చిన పదేళ్ల పిల్లవాడు కూడా చెప్పేస్తాడు. బహువచనం ‘లు’, క్రియ చివర ‘ఆయి’, మాటలు నిలిచిన చోటు, ఈ మూడూ కలిసి ఆ సంగతి చెప్పేశాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. పాణిని సంస్కృత పదాలను రెండే రెండు రకాలుగా చూశాడు. విభక్తి ప్రత్యయాలు చేరేవి ఒక రకం, క్రియా ప్రత్యయాలు చేరేవి రెండో రకం. అర్థం జోలికి పోలేదు. విశేషణానికీ నామవాచకానికీ సంస్కృతంలో ఒకే రకం ప్రత్యయాలు చేరతాయి కాబట్టి వాటిని వేరు చెయ్యాల్సిన అవసరం కూడా ఆయనకు రాలేదు. ప్రత్యయాలు పుష్కలంగా ఉన్న భాషలో ఈ పద్ధతి హాయిగా నడుస్తుంది. ప్రత్యయాలు చాలా మటుకు రాలిపోయిన ఇంగ్లీషులో చోటు మీదే ఎక్కువగా ఆధారపడాలి.

ఆ పనిని పట్టుదలగా చేసినవాడు అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ ఫ్రీజ్. జనం ఫోన్‌లో మాట్లాడుకున్న మాటలు దాదాపు 50 గంటలపాటు రికార్డు చేయించి, వాటి ఆధారంగా 1952లో ‘ద స్ట్రక్చర్ ఆఫ్ ఇంగ్లీష్’ అనే పుస్తకం తెచ్చాడు. నామవాచకం, క్రియ అనే పాత పేర్లు పెడితే పాత నిర్వచనాలు కూడా వెంట వస్తాయనుకున్నాడేమో, ముఖ్యమైన నాలుగు వర్గాలకు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలే వేశాడు. ఒక వాక్యంలో ఒక ఖాళీ వదలడం, ఆ ఖాళీలో ఇమిడే మాటలన్నిటినీ ఒక వర్గంగా కట్టడం ఆయన పద్ధతి. ఆ అంకెలు ఎవరికీ అలవాటు కాలేదు గానీ ఖాళీల పద్ధతి మాత్రం నిలిచింది.

మూడు లైట్ల వాక్యం

ఆ పద్ధతిని ఒక చిక్కు వాక్యం మీద నడిపి చూద్దాం: ‘లైట్ ద లైట్ లైట్’. ఇది తప్పుల తడకలా వినిపిస్తుంది గానీ వ్యాకరణం ప్రకారం నిక్షేపమైన ఇంగ్లీషు. రెండు దీపాలున్నాయి, ఒకటి బరువైనది, ఒకటి తేలికైనది. ఆ తేలికైన దీపాన్ని వెలిగించు అని దీని అర్థం.

దీన్ని మధ్యనుంచి విప్పాలి. ‘ద’ అనే చిన్న మాట ఇంగ్లీషులో గట్టి గుర్తు. దాని వెనక ఎక్కడో ఒక నామవాచకం వచ్చి తీరుతుందని అది ముందే చెబుతుంది, నేరుగా క్రియ రావడానికి ఒప్పుకోదు. కాబట్టి ‘ద’ తర్వాతి రెండు లైట్లలో ఏదీ వాక్యాన్ని నడిపే క్రియ కాదు. ఆ రెండింటిలో చివరిది నామవాచకం. దాన్ని ‘లైట్స్’ అని బహువచనం చేసి చూడండి, వాక్యం నిలబడుతుంది. దాని బదులు ‘లాంప్’ పెట్టినా నిలబడుతుంది. మధ్యలోని లైట్‌కు ‘స్’ చేర్చలేం, కానీ ‘లైటర్’ అని మార్చవచ్చు. ఇంకా తేలికైన దీపం అవుతుంది. దాని ముందు ‘వెరీ’ కూడా పెట్టవచ్చు. పోల్చి చెప్పే ‘ఎర్’ పట్టుకోవడం, ‘వెరీ’ని భరించడం విశేషణం లక్షణాలు. ఇక మొదట మిగిలిన లైట్. వాక్యానికి ఇంకా క్రియ దొరకలేదు కాబట్టి అదే క్రియ కావాలి. నిన్న జరిగిన సంగతిగా చెప్పి చూస్తే ‘షి లిట్ ద లైట్ లైట్’ అవుతుంది. మొదటి లైట్ ఒక్కటే ‘లిట్’గా మారింది. మిగతా రెండూ కదల్లేదు. కాలాన్ని బట్టి మారేది క్రియ ఒక్కటే.

ఈ పరీక్షల్లో ఏ ఒక్కదాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. ‘ద’ తర్వాత నామవాచకం వచ్చి తీరుతుందన్నాను. ‘ద పూర్’ అంటే పేదవాళ్లు. ఇక్కడ ‘ద’ తర్వాత ఒక్క మాటే ఉంది. అది నామవాచకమేనా? ‘పూర్స్’ అని బహువచనం చెయ్యబోతే ఇంగ్లీషు ఒప్పుకోదు. ‘ద వెరీ పూర్’ అంటే మాత్రం ఒప్పుకుంటుంది. అంటే విశేషణం తన గుణం వదలకుండానే నామవాచకం చోట కూర్చుంది. బహువచనం ‘స్’ కూడా ఇలాంటిదే. ‘లైట్స్’ అంటే దీపాలు కావచ్చు, ‘షి లైట్స్ ద స్టవ్’ అన్నప్పుడు వెలిగిస్తుంది అనే క్రియ కావచ్చు. అందుకే భాషాశాస్త్రజ్ఞులు ఒక గుర్తును చూసి తీర్పు చెప్పరు. నాలుగైదు పరీక్షలు పెట్టి, ఎక్కువ గుర్తులు ఎటు మొగ్గితే ఆ వర్గం అంటారు.

ఈ వాక్యంలో పరీక్షలు తేల్చలేనిది ఇంకొకటి ఉంది. మధ్యలోని లైట్ తేలికైనది అనే అర్థంలోనే ఉండాలని ఏముంది? లేత రంగుది కూడా కావచ్చు. ‘ఎ లైట్ కోట్’ అంటే బరువు లేని కోటా, లేత రంగు కోటా అన్నది కోటు చూస్తే గానీ తెలియదు. రెండు అర్థాల్లోనూ అది విశేషణమే. రెండింటికీ ‘లైటర్’ ఉంది, రెండూ ‘వెరీ’ని ఒప్పుకుంటాయి. వ్యతిరేకార్థం అడిగితే మాత్రం దారులు చీలతాయి. ఒకదానికి ‘హెవీ’, ఇంకొకదానికి ‘డార్క్’. మాట ఏ వర్గమో తేలినంత మాత్రాన ఏ అర్థమో తేలదు. అవి రెండు వేరు ప్రశ్నలు.

రెండు పుట్టుకలు

తేలిక లైటూ, వెలుగు లైటూ అసలు ఒక మాట కాదు. రెండు వేర్వేరు పాత మాటలు వాడుకలో అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చి చేరాయి. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన జర్మన్ ఆ రెంటినీ ఇప్పటికీ విడిగానే ఉంచుకుంది. వెలుతురు అక్కడ ‘లిహ్ట్’, తేలిక ‘లైహ్ట్’. సంస్కృతంలో వాటి దూరపు బంధువులు ఇంకా స్పష్టంగా విడివిడిగా ఉన్నాయి, రెండూ తెలుగులోకి వచ్చాయి కూడా. వెలుగు లైట్‌కు చుట్టం ‘రుచ్’ అనే ధాతువు. ప్రకాశించడం దాని అర్థం. ‘రుచి’ అంటే కాంతి అని కావ్యాల్లో కనిపించేది అందుకే. నాలుకకు తగిలే రుచి తర్వాత వచ్చిన అర్థం. తేలిక లైట్‌కు చుట్టం ‘లఘు’. పద్యానికి గణాలు కట్టేటప్పుడు గురువు పక్కన లెక్కపెట్టే లఘువు, ఇంగ్లీషు వాళ్ల లైట్ బ్యాగ్‌లోని లైటూ ఒకే మూలం నుంచి వచ్చాయి.

బరువు తాలూకు లైట్ ఇంగ్లీషులో ఎక్కడెక్కడో దాక్కుని ఉంది. స్టేషన్లలో రైలు దిగడానికి ‘అలైట్’ అనే మాట వాడతారు. దీపంతో దానికి పనిలేదు. గుర్రం మీదనుంచి రౌతు దిగితే గుర్రానికి బరువు తగ్గుతుంది, ఆ తేలిక పడడమే దిగడం అయింది. కసాయి అంగట్లో అమ్మే ఊపిరితిత్తులను పాతకాలం ఇంగ్లీషులో ‘లైట్స్’ అనేవారు. మిగతా మాంసంతో పోలిస్తే అవి తేలిక. ‘లంగ్’ అనే మాట కూడా ఆ మూలంలోనిదే.

వెలుగు వైపున ఇంకో కథ నడిచింది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో వెలుతురు అనే నామవాచకం ‘లేఓహ్త్’, వెలిగించు అనే క్రియ ‘లీహ్తన్’. చివరి ‘అన్’ అది క్రియ అని చెప్పే ప్రత్యయం. రెండూ ఒక మూలంలోవే, అయినా ఎవరూ ఒకదాన్ని ఇంకొకటి అనుకోవడానికి వీల్లేదు. ఆ తర్వాతి నాలుగైదు శతాబ్దాల్లో ఇంగ్లీషు మాటల చివరి అచ్చులు బలహీనపడ్డాయి. ‘అన్’ కాస్తా ‘ఎన్’ అయింది, తర్వాత ఒట్టి ‘ఎ’ అయింది, దాదాపు 1500 నాటికి అదీ పోయింది. నామవాచకానికి ఉన్న విభక్తి ప్రత్యయాలదీ అదే గతి. గొంతులోంచి పలికే ‘హ’ లాంటి ధ్వని మాటల మధ్యలోంచి జారిపోయింది. రాతలో మాత్రం ‘జి’, ‘హెచ్’ అనే రెండు అక్షరాలు దానికి గుర్తుగా మిగిలాయి. స్పెల్లింగు నేర్చుకునే పిల్లలు ఇవాళ్టికీ ఆ చనిపోయిన ధ్వనికి కప్పం కడుతూనే ఉన్నారు.

ప్రత్యయాలు పోవడంతో ఇంగ్లీషుకు ఒక కొత్త సౌకర్యం అబ్బింది. నామవాచకానికీ క్రియకూ రూపంలో తేడా లేదు కాబట్టి చాలా నామవాచకాలను తెచ్చి క్రియ చోట పెట్టేయవచ్చు. ‘గూగుల్’ కంపెనీ పేరు, అందులో వెతకడం కూడా ‘గూగుల్’. ఏ ప్రత్యయమూ చేర్చకుండా మాటను ఒక వర్గం నుంచి ఇంకో వర్గంలోకి దాటించడాన్ని భాషాశాస్త్రంలో ‘కన్వర్షన్’ అంటారు, తెలుగులో మార్పిడి అనుకోవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. గూగుల్ నిజంగా మార్పిడి జరిగిన మాట. ‘లైట్’ అలాంటిది కాదు. దానికి నామవాచకం, క్రియ రెండూ మొదటినుంచీ విడివిడిగా ఉన్నాయి, ప్రత్యయాలు రాలాక ఒకేలా కనిపిస్తున్నాయి. ఇవాళ్టి వాక్యంలో ఆ తేడా కనపడదు. చరిత్ర తవ్వితేనే తెలుస్తుంది.

పని వేరు, వర్గం వేరు

ఇక లైట్ వీక్ సంగతికి రావాలి. ఈ అధ్యాయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ‘వాక్యంలో ఏ పని చేస్తే అదే మాట వర్గం’ అని చాలా వ్యాకరణ పుస్తకాలు సూత్రం చెబుతాయి. లైట్ లాంటి మాటలకు ఆ సూత్రం బాగానే కుదిరినట్టు కనిపిస్తుంది. దాన్ని అక్షరాలా పాటిస్తే ఏమవుతుందో చూద్దాం. ఆఫీసు లైట్ వీక్‌లో లైట్ చేసే పని ఏమిటి? వారం ఎలాంటిదో చెప్పడం. ఖగోళం లైట్ వీక్‌లో? అదీ ఎలాంటి ‘వీక్’ అన్నది చెప్పడమే. రెండూ మరో నామవాచకం ముందు నిలబడి దాన్ని వివరిస్తున్నాయి. పని ఒకటే కాబట్టి రెండూ విశేషణాలే అనాలి.

పరీక్షలు పెడితే ఆ మాట నిలవదు. ఆఫీసు వారాన్ని ‘ఎ వెరీ లైట్ వీక్’ అనవచ్చు. ‘దిస్ వీక్ ఈజ్ లైటర్’ అనవచ్చు. ‘ద వీక్ వాజ్ లైట్’ అని లైట్‌ను వీక్ వెనక్కు పంపవచ్చు. ఖగోళం వారంతో ఇవేవీ సాగవు. ‘వెరీ లైట్ వీక్’ అనగానే అది దూరం కాకుండా పోయి మళ్లీ ఆఫీసు వారం అయిపోతుంది. ‘లైటర్ వీక్’ అన్నా అంతే. పలికే తీరు కూడా వేరు. ఖగోళం మాటలో ఊనిక మొదటి మాట మీద పడుతుంది, ‘లైట్’ బలంగా, ‘వీక్’ మెత్తగా పలుకుతారు. ఆఫీసు మాటలో ‘వీక్’ కూడా అంతే బలంగా వినిపిస్తుంది. పుస్తకంలో కనపడకపోయినా చెవికి అందే గుర్తు ఇది. రాతలో దీనికి బదులుగా చాలామంది ఖగోళం మాట మధ్యలో చిన్న అడ్డగీత పెడతారు. ఊనిక గురించిన ఈ సంగతికి ఇంగ్లీషు పాఠాల్లో పాత ఉదాహరణ ‘లైట్‌హౌస్ కీపర్’. ఊనిక మొదటి మాట మీద పెట్టి పలికితే సముద్రపు దీపస్తంభాన్ని చూసుకునే మనిషి. ‘లైట్’ దగ్గర కాస్త ఆగి, ‘హౌస్‌కీపర్’ అని ఒక్క గుక్కలో పలికితే అంతగా బరువు లేని ఇంటి పనిమనిషి అనే నవ్వొచ్చే అర్థం.

కాబట్టి ఖగోళ శాస్త్రజ్ఞుడి లైట్ నామవాచకమే. విశేషణం చేసే పని చేస్తోంది, విశేషణం కాలేదు. లైట్ స్విచ్, స్టోన్ వాల్, స్కూల్ బస్, అన్నీ ఇదే కోవలోవి. ‘వెరీ స్టోన్ వాల్’ అని ఎవరూ అనరు. 2002లో రాడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ వెలువరించిన కేంబ్రిడ్జి ఇంగ్లీషు వ్యాకరణం ఈ తేడాను పట్టుబట్టి పాటిస్తుంది. మాట ఏ వర్గానిది అన్నది ఒక ప్రశ్న, ఈ వాక్యంలో దాని పని ఏమిటి అన్నది ఇంకో ప్రశ్న. పనిని చూసి వర్గాన్ని ఊహించవచ్చు, పనే వర్గం అనడానికి మాత్రం లేదు.

ఈ తేడాను తెలుగు మనకు ఇంగ్లీషు కంటే తేటగా చూపిస్తుంది. ‘ఎర్ర గోడ’, ‘రాతి గోడ’ అని రెండు మాటలు తీసుకోండి. రెండింటిలోనూ ముందు మాట గోడను వివరిస్తోంది. ‘రాతి’ ఎక్కడిది? ‘రాయి’ అనే నామవాచకానికి విభక్తి చేరబోయేముందు వచ్చే రూపం అది. రాతికి, రాతిలో, రాతితో అన్నప్పుడు ఉండే రూపమే రాతి గోడలోనూ ఉంది. మన వ్యాకరణాలు దీన్ని ఔపవిభక్తికం అంటాయి. ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, నోరు ‘నోటి’ అవుతుంది. ఇంటి తలుపు, నోటి మాట. అంటే గోడ ముందు నిలబడినప్పుడు కూడా రాయి తాను నామవాచకమని తెలిపే గుర్తు విడిచిపెట్టలేదు. ‘ఎర్ర’కు అలాంటి రూపమే లేదు. దానికి ‘కి’ చేర్చాలంటే ముందు ‘ఎరుపు’ అనే నామవాచకం కావాలి. ఒకే పని చేస్తున్న రెండు మాటలు రెండు వేరు వర్గాలవని తెలుగు వాక్యం పైకే చెప్పేస్తోంది. అన్ని మాటలకూ ఈ సదుపాయం లేదు. చెట్టు కొమ్మలో చెట్టు మారలేదు. అయినా రాతి, ఇంటి, నోటి లాంటివి ఉన్నందువల్ల చెట్టు కూడా నామవాచకమే అని ధైర్యంగా చెప్పగలం.

తెలుగు లైట్లు

మన భాషలో ఇన్ని ప్రత్యయాలున్నాయి కదా, ఒకే మాట నామవాచకం, క్రియ రెండూ కావడం తెలుగులో ఉండదనుకుంటే పొరపాటు. ‘వెలుగు’ చూడండి. ‘వెలుగు పడింది’ అన్నప్పుడు నామవాచకం, ‘దీపం వెలుగుతోంది’ అన్నప్పుడు క్రియ. ‘తిట్టు’, ‘ఉరుము’ కూడా ఇలాంటివే. ‘కాలికి కట్టు కట్టాడు’ అనే వాక్యంలో ఒకే మాట రెండు వర్గాల్లో పక్కపక్కనే ఉంది. ‘కట్టుకథ’లో మూడో పని కూడా చేస్తుంది.

‘పండు’ దీనికి ఇంకా మంచి ఉదాహరణ. ‘పండు తిన్నాడు’ నామవాచకం. ‘ఈ ఏడు వరి బాగా పండింది’ క్రియ. ‘పండు మిరపకాయల పచ్చడి’లో మిరపకాయ ఎలాంటిదో చెబుతోంది. నామవాచకం పరీక్ష సులువు: పండ్లు, పళ్లు అని బహువచనం అవుతుంది. క్రియ పరీక్షా సులువే: పండింది, పండుతుంది, పండలేదు. పండు మిరపకాయ దగ్గరే కాసేపు ఆగాలి. ఇక్కడ పండు అంటే ఫలం కాదు, పండిన అని. పండు ముసలిలోనూ అంతే. ‘చాలా పండు మిరపకాయ’ అని మనం అనం, ‘బాగా పండిన మిరపకాయ’ అంటాం. ‘చాలా ఎర్ర మిరపకాయ’ అనడానికి మాత్రం అడ్డు లేదు. ‘చాలా’ను భరించలేకపోతోంది కాబట్టి దీన్ని అచ్చమైన విశేషణం అనడానికి నాకు మనసొప్పదు. క్రియా ధాతువు తిన్నగా వచ్చి నామవాచకానికి అతుక్కున్న సమాసంగా చూడడం మేలు. విశేషణమే అనేవాళ్లతో పోట్లాడను గానీ, ఆ పరీక్ష మాత్రం పెట్టి చూడమంటాను.

తెలుగులో ఈ మాటలు ఇంగ్లీషు లైట్ అంత చిక్కు పెట్టవు, ఎందుకంటే ఇక్కడ క్రియ ఒట్టి చేతులతో తిరగదు. పండింది, పండుతోంది, పండాలి అని ఏదో ఒక ప్రత్యయం దాని వెంట ఉంటుంది. సమాసాలను పక్కన పెడితే, ప్రత్యయం లేకుండా క్రియ కనపడేది ‘కట్టు’, ‘తిట్టు’ అని ఆజ్ఞాపించేటప్పుడు మాత్రమే.

ఇంగ్లీషు లైట్ తెలుగులోకి వచ్చి ఏమైందో గమనిస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ‘లైటు వెయ్యి’ అంటాం. ఇది వెలుగు లైట్, నామవాచకం. లైట్లు, లైటుకి, లైటులో అని మన ప్రత్యయాలన్నీ పట్టుకుంది. ‘లైట్ కలర్ చీర’ అంటాం, విశేషణం. ‘రాత్రి లైట్‌గా తిన్నాను’ అంటాం, ‘గా’ చేర్చుకుని క్రియావిశేషణం అయింది. ‘అబ్బా, లైట్ తీస్కో’ అంటారు కుర్రాళ్లు, పట్టించుకోవద్దని. లైటు వెయ్యిలో ఉన్నది ‘రుచ్’ ధాతువుకు చుట్టం, లైట్ తీస్కోలో ఉన్నది ‘లఘు’కు చుట్టం. అలా రెండు మూలాలూ, మూడు వర్గాలూ తెలుగులో దిగాయి. నాలుగోది రాలేదు. ‘పొయ్యి లైటాను’ అని ఎవరూ అనరు. క్రియ కావాలంటే వెయ్యి, చెయ్యి, కొట్టు లాంటి మన క్రియ ఒకటి పక్కన నిలబడాలి. ఫోన్ చేశాను, బ్రేక్ కొట్టాను, గూగుల్ చేశాను. సంస్కృత మాటలను క్రియలుగా మార్చే ‘ఇంచు’ను ఇంగ్లీషు మాటలకు తగిలించి కొందరు సరదాగా ‘గూగులించు’ అంటారు. ఇంగ్లీషులో ఏ ఖర్చూ లేకుండా జరిగే మార్పిడికి తెలుగులో ఇంచు రుసుము చెల్లించాలి.

పోల్చి చూస్తే ఇంగ్లీషులో ఆ సౌకర్యానికి చెల్లించే మూల్యం ఒకటుంది. ‘షిప్ సెయిల్స్ టుడే’ అని టెలిగ్రాం వచ్చిందనుకోండి. ఓడ ఇవాళ బయలుదేరుతుంది అనా? తెరచాపలు ఇవాళ పంపించు అనా? ‘షిప్’ ఓడా కావచ్చు, పంపించడమూ కావచ్చు. ‘సెయిల్స్’ బయలుదేరడమూ కావచ్చు, తెరచాపలూ కావచ్చు. ‘ద’ అనే మాట ఎక్కడో ఒకచోట పడితే చిక్కు వీడిపోయేది. టెలిగ్రాంలో మాటకింత అని డబ్బు కట్టాల్సి వచ్చేది కాబట్టి ముందుగా ఎగిరిపోయేది అదే. ఇంగ్లీషు పత్రికల శీర్షికలు తికమక పెట్టేదీ ఇందుకే.

మనుషులు సందర్భాన్ని బట్టి క్షణంలో తేల్చుకునే ఈ సంగతి కంప్యూటర్లకు దశాబ్దాలపాటు కొరుకుడు పడలేదు. 1961లో అమెరికాలో అచ్చయిన రకరకాల రచనల నుంచి బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు 10 లక్షల మాటలు పోగు చేశారు. ప్రతి మాటకూ భాషాభాగం గుర్తించమని 1971లో ఒక ప్రోగ్రాంకు అప్పగిస్తే దాదాపు 77 శాతం సరిగ్గా గుర్తించింది, మిగతాది మనుషులు కూర్చుని దిద్దారు. 1988లో స్టీవెన్ డిరోజ్ ఆ రచనల్నే లెక్కగట్టి చెప్పిన సంగతి ఇంకా ఆసక్తికరం. అందులోని వేర్వేరు మాటల జాబితా తీస్తే, ఒకటికంటే ఎక్కువ వర్గాల్లో కనపడేవి పదకొండున్నర శాతమే. నడుస్తున్న వాక్యాల్లో మాటకు మాట లెక్కపెడితే అలాంటివి 40 శాతం పైనే. రెండూ నిజమే. అరుదుగా వాడే పొడుగాటి మాటలు ఒకే వర్గంలో ఉండిపోతాయి. రోజూ నోట్లో నలిగే పొట్టి మాటలే పలు చోట్లకు తిరుగుతాయి.

ఇంగ్లీషు వ్యాకరణం బోధించే ఉపాధ్యాయులకు ఒక మనవి. ‘స్టోన్ వాల్’లో స్టోన్ ఏ భాషాభాగం అని పరీక్షలో అడిగితే చాలాచోట్ల విశేషణం అని రాసినవాళ్లకు మార్కు వేస్తున్నారు, నామవాచకం అని రాసినవాళ్లకు కొట్టేస్తున్నారు. ఆ కొట్టివేత తప్పు. ప్రశ్న కింద రెండు గడులు గీయండి, ఒకటి వర్గానికి, ఒకటి పనికి. మొదటి గడిలో నామవాచకం, రెండో గడిలో ‘వాల్’ను వివరించడం అని రాసిన పిల్లలకు పూర్తి మార్కులు ఇవ్వండి.